రవి అండ్ మైసెల్ఫ్

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. మొన్నామధ్య రాత్రి భోజనాల వేళకి ఫోన్ చేశాడు. "బాబాయ్, మైసెల్ఫ్ అని రాయడం తప్పా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. ఏ వాక్యంలో అని అడిగాను. "అన్నిట్లోనూ అంట. మా మేనేజర్ చెప్పాడు. మెయిల్లో మైసెల్ఫ్ ఎక్కడ కనిపించినా తీసెయ్యమన్నాడు."

నేను ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక మాటని అసలు వాడనే వద్దనే సలహా విన్నప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. మెయిల్ పంపించమన్నాను. లండన్‌లో ఉన్న క్లయింట్‌కి రాసిన మెయిల్ అది. అందులో మైసెల్ఫ్ ఆరు చోట్ల ఉంది. కంపెనీ వివరాలు తీసేసి ఆ ఆరు వాక్యాలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను. సహోద్యోగి పేరు రవి అనుకుందాం. వ్యాకరణం పుస్తకాల్లో రవికి ఎలాగూ ఊపిరి సలపదు.

మైసెల్ఫ్ అండ్ రవి విల్ జాయిన్ ద కాల్.
ప్లీజ్ గివ్ యాక్సెస్ టు రవి అండ్ మైసెల్ఫ్.
ఐ ఆస్క్డ్ ద వెండర్ టు సెండ్ ద ఇన్వాయిస్ టు మైసెల్ఫ్.
ఐ మైసెల్ఫ్ వెరిఫైడ్ ద నంబర్స్.
ఐ హావ్ కెప్ట్ ద ఒరిజినల్ విత్ మైసెల్ఫ్.
ఫర్ ఎనీ ఇష్యూ, ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్.

మేనేజర్ మాట పట్టుకుని మావాడు ఆరూ కొట్టేశాడు. నాలుగోది ‘ఐ వెరిఫైడ్ ద నంబర్స్’ అయింది. ఆ లెక్కలు ఎవరు సరిచూశారన్నదే అక్కడ గొడవ. ఇంకెవరో కాదు, స్వయంగా నేనే చూశాను అని చెప్పడానికే ఆ మాట పెట్టాడు. తీసెయ్యగానే వాక్యంలో చెప్పదలుచుకున్నది కాస్తా పోయింది. ఆ ఊపులోనే ఇంకో మెయిల్లో ‘లెట్ మి ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్’ అని ఉన్నదాన్ని ‘లెట్ మి ఇంట్రడ్యూస్ మి’ అని దిద్దాడట. మొదటి వాక్యం నిక్షేపంగా ఉండేది, దిద్దాక తప్పయింది.

ఆ ఆరింటిలో ఒకటి పూర్తిగా ఒప్పు. రెండు నిస్సందేహంగా తప్పు. మిగిలిన మూడూ ఒప్పుకీ తప్పుకీ మధ్య తలో మెట్టు మీద ఉన్నాయి. ఏది ఎక్కడుందో తేల్చడానికి ఇంగ్లిష్ పుస్తకం కన్నా మన తెలుగే బాగా పనికొస్తుందని నా అనుభవం.

మైసెల్ఫ్ చేసే పనులు ముఖ్యంగా రెండు. మొదటిది, చేసినవాడూ ఆ పని ఎవరి మీద జరిగిందో వాడూ ఒక్కడే అని చెప్పడం. ‘ఐ ఇంట్రడ్యూస్డ్ మైసెల్ఫ్’ అంటే పరిచయం చేసిందీ నేనే, పరిచయమైందీ నేనే. తెలుగులో దీన్ని ‘నన్ను నేను పరిచయం చేసుకున్నాను’ అంటాం. నాకు నేను, నన్ను నేను, నాలో నేను. గమనించండి, మనం ‘నేను’ని రెండుసార్లు పలుకుతాం, ఒకటి చేసినవాడి కోసం, ఒకటి పడినవాడి కోసం. రెండో పని, నొక్కి చెప్పడం. ‘ఐ మైసెల్ఫ్ వెరిఫైడ్’ అంటే ‘నేనే చూశాను’, ‘స్వయంగా చూశాను’. ఇక్కడ మనకి ఒక్క ‘ఏ’ దీర్ఘం చాలు. వీటికి తోడు ‘బై మైసెల్ఫ్’ అనేది ఒకటుంది, ‘నేనొక్కణ్ణే’ అనే అర్థంలో. దానితో ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు కాబట్టి వదిలేద్దాం.

కాబట్టి పరీక్ష ఇది. రాయదలుచుకున్న వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. అక్కడ మీ నోటికి ‘నన్ను నేను’, ‘నాకు నేను’ లాంటి జంట వస్తేనో, ‘నేనే’, ‘స్వయంగా’ అని ఒత్తి పలకాలనిపిస్తేనో మైసెల్ఫ్ రాయొచ్చు. ఉత్త ‘నేను’ వస్తే ఐ. ఉత్త ‘నన్ను’, ‘నాకు’, ‘నాతో’ వస్తే మి.

ఇంగ్లిష్ వాళ్లు తమ పిల్లలకి చెప్పే చిట్కా వేరు. పక్కనున్న రవిని తీసేసి చదవమంటారు. ‘గివ్ యాక్సెస్ టు మైసెల్ఫ్’ అన్నప్పుడు చెవికి ఎబ్బెట్టుగా తోస్తుంది, ‘టు మి’ అనాలని తడుతుంది, రవి తిరిగి వచ్చాక కూడా అదే ఉంచాలి. మంచి చిట్కానే. కానీ ఆ ఎబ్బెట్టు వినిపించే చెవి ఉండాలి కదా. మావాడు ‘ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్’ అని ఏ రవీ లేకుండానే రాశాడు, వాడి చెవికి ఏ లోపమూ వినపడలేదు. పదేళ్లుగా ఆఫీసు మెయిళ్లలో అదే చదువుతున్నవాడికి ఎలా వినపడుతుంది? తెలుగు చెవి మాత్రం మనకి పుట్టుకతో వచ్చింది. ‘ఏదైనా ఇబ్బంది ఉంటే నన్ను నేను సంప్రదించండి’ అని చూడండి. నవ్వొస్తుంది. నవ్వొచ్చిందంటే అక్కడ మి ఉండాలన్నమాట.

ఇక మూడో వాక్యం. నా మటుకు అన్నిటికన్నా ఇదే రుచికరమైనది. ‘ఐ ఆస్క్డ్ ద వెండర్ టు సెండ్ ద ఇన్వాయిస్ టు మైసెల్ఫ్.’ మావాడు దీన్ని గట్టిగా సమర్థించుకున్నాడు. "వాక్యం ఐతోనే మొదలైంది కదా బాబాయ్. ఐ ఉంటే మైసెల్ఫ్ రావచ్చని మా టీచర్ చెప్పింది."

టీచర్ చెప్పింది సగమే. ఇందులో క్రియలు రెండున్నాయి. అడిగింది నేను. పంపాల్సింది వెండర్. ఇన్వాయిస్ ఎవరికి చేరాలన్న మాట ‘పంపడం’ అనే క్రియకి చెందింది, ‘అడగడం’కి కాదు. పంపేవాడు వెండర్, అందుకునేవాణ్ణి నేను, ఇద్దరూ వేరు. అందుకని మి. తెలుగులో చెప్పి చూడండి: ‘ఇన్వాయిస్ నాకు పంపమని వెండర్‌ని అడిగాను.’ ఉత్త ‘నాకు’. ‘నాకు నేను పంపమని’ ఎవరూ అనరు. మైసెల్ఫ్ చూసేది వాక్యం మొదట్లో ఎవరున్నారని కాదు, తనకి దగ్గరలో ఉన్న క్రియకి కర్త ఎవరని.

దీనికి సరిగ్గా తిరగేసిన వాక్యం ఒకటి వాడికి చెప్పాను. ‘రవి ఆస్క్డ్ మి టు ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్.’ ఇందులో ఐ ఎక్కడా లేదు. వాక్యానికి కర్త రవి. అయినా మైసెల్ఫ్ నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఎందుకంటే అడిగింది రవి అయినా పరిచయం చేసుకోవాల్సింది నేను, ఆ రెండో క్రియకి పైకి కనపడని కర్త నేనే. ‘నన్ను నేను పరిచయం చేసుకోమని రవి అడిగాడు’ అంటాం, జంట దానంతటదే వచ్చేసింది. ఐ ఉన్న వాక్యంలో మైసెల్ఫ్ తప్పు, ఐ లేని వాక్యంలో ఒప్పు. మావాడు ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు.

‘ప్లీజ్’తో మొదలయ్యే వాక్యాలన్నిటికీ కీలకం ఇదే. ‘ప్లీజ్ కాంటాక్ట్’, ‘ప్లీజ్ సెండ్’, ‘ప్లీజ్ గివ్’ అన్నప్పుడు కర్త బయటికి కనపడడు. కానీ ఉంటాడు, ఆయన ‘మీరు’. సంప్రదించేది మీరు, నేను కాదు. అందుకే వాటిలో యువర్‌సెల్ఫ్‌కి సహజంగా చోటుంటుంది కానీ మైసెల్ఫ్‌కి ఉండదు. ఆఫీసు మెయిళ్లలో కనపడే అనవసరపు మైసెల్ఫ్‌లు ఎక్కువగా ఇలా ప్లీజ్ వెనకాలే వస్తాయి.

1981లో నోమ్ చామ్‌స్కీ ప్రచురించిన ‘లెక్చర్స్ ఆన్ గవర్న్‌మెంట్ అండ్ బైండింగ్’ అనే పుస్తకంలో మొదటి సూత్రం స్థూలంగా ఈ సంగతే. మైసెల్ఫ్, హిమ్‌సెల్ఫ్ లాంటి మాటలకి ఆధారం తమ చిన్న ఆవరణలోనే దొరకాలి, ప్రహరీ దాటి వెతకకూడదు అంటాడాయన. తెలుగు ‘తాను’కి ఈ ప్రహరీ అడ్డు కాదు. ‘క్లయింట్ తాను కాల్‌కి వస్తానన్నాడు’ అంటాం. ‘తాను’ ఒక క్రియ పరిధిలో ఉండి, పై క్రియ పరిధిలో ఉన్న క్లయింట్‌ని పట్టుకుంటుంది. దాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి దింపి ‘ద క్లయింట్ సెడ్ హిమ్‌సెల్ఫ్ విల్ జాయిన్’ అని రాస్తే తప్పు. అక్కడ ఉత్త హి రావాలి. అంటే నా తెలుగు పరీక్ష ‘తాను’ దగ్గర చెల్లదు, ‘నేను’ దగ్గర మాత్రమే చెల్లుతుంది. మనకి ఇవాళ కావలసింది ‘నేను’ గురించే కాబట్టి బతికిపోయాం.

ఐదో వాక్యంలో ఇంకో ఉచ్చు ఉంది. ‘ఐ హావ్ కెప్ట్ ద ఒరిజినల్ విత్ మైసెల్ఫ్.’ ఉంచినవాణ్ణి నేనే, నా దగ్గరే ఉంచాను. చేసినవాడూ నేనే, చేరిందీ నా దగ్గరికే. సూత్రం ప్రకారం మైసెల్ఫ్ రావాలి కదా? రాదు. ‘విత్ మి’ అనే అంటారు. పక్కన, వెంట, దగ్గర అని చోటు చెప్పేటప్పుడు ఇంగ్లిష్ ఉత్త సర్వనామంతో సరిపెట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ వెంట తెస్తానంటే ‘ఐ విల్ బ్రింగ్ ద ల్యాప్‌టాప్ విత్ మి’, ‘విత్ మైసెల్ఫ్’ కాదు.

తెలుగులో ఇది ‘ఒరిజినల్ నా దగ్గర ఉంచుకున్నాను’. సర్వనామం ఒక్కటే, ‘నా’. జంట లేదు. పరీక్ష ఇక్కడా నిలబడింది. కానీ క్రియని చూడండి: ఉంచుకున్నాను. ఆ ‘కొను’ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తన కోసం చేసే పనులన్నిటికీ మనం ‘కొను’ తగిలిస్తాం. వండుకున్నాను, రాసుకున్నాను, కొనుక్కున్నాను. ఆ తనకోసం అనే భావం బుర్రలో ఉండిపోయి, ఇంగ్లిష్ రాసేటప్పుడు మైసెల్ఫ్ రూపంలో బయటికొస్తుంది. మా తరగతిలో ఒక కుర్రాడు హాస్టల్ జీవితం గురించి వ్యాసం రాస్తూ రోజూ ‘ఐ కుక్ మైసెల్ఫ్’ అన్నాడు. నేనే వండుకుంటాను అని వాడి ఉద్దేశం. ఆ అర్థం రాకపోదు కానీ, సరదా మనిషి ఎవరైనా చదివితే వాడు రోజూ తనని తాను ఉడకబెట్టుకుంటున్నట్టు కూడా తీసుకోవచ్చు. ‘ఐ కుక్ ఫర్ మైసెల్ఫ్’ అంటే ఏ చిక్కూ లేదు. అందుకే క్రియ చివర్న ఉన్న ‘కొను’ని పట్టించుకోకండి, సర్వనామం ఒకసారి పలికారా రెండుసార్లు పలికారా అన్నదే చూడండి. ‘ఎంజాయ్డ్ మైసెల్ఫ్’ లాంటివి కొన్ని ఈ పరీక్షకి అందవు. అవి ఇంగ్లిష్ వాడి అలవాటు, అలాగే గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పటికి నాలుగోది ఒప్పని, మూడూ ఐదూ తప్పని తేలింది. మొదటిది, రెండోది, ఆరోది మిగిలాయి. ఇక్కడే మేనేజర్ మాటకీ భాషాశాస్త్రం చెప్పేదానికీ తేడా వస్తుంది.

‘గివ్ యాక్సెస్ టు రవి అండ్ మైసెల్ఫ్’ నా తెలుగు పరీక్షలో తప్పింది. ‘రవికీ నాకూ యాక్సెస్ ఇవ్వండి’ అంటాం, ఉత్త ‘నాకూ’. కాబట్టి ‘రవి అండ్ మి’ రాయాలి. అంతవరకూ సరే. కానీ ‘రవి అండ్ మైసెల్ఫ్’ అసలు ఇంగ్లిష్ వ్యాకరణమే కాదనగలమా? అనలేం. మంచి ఇంగ్లిష్ రచయితలు వందల ఏళ్లుగా ఇలా రాస్తూనే ఉన్నారు. 1989లో వచ్చిన వెబ్‌స్టర్స్ డిక్షనరీ ఆఫ్ ఇంగ్లిష్ యూసేజ్ పేరున్న రచయితల నుంచి ఇలాంటి ఉదాహరణలు వరసగా చూపించింది. 1985లో క్వర్క్, ఆయన సహచరులు కలిసి రాసిన పెద్ద వ్యాకరణం, ‘ఎ కాంప్రిహెన్సివ్ గ్రామర్ ఆఫ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్’, దీన్ని సగం ఒత్తి పలికే వాడుకగా లెక్కగట్టి పక్కన చోటిచ్చింది. ఇంకొకరితో జంటగా వచ్చినప్పుడు, లైక్, ఎక్సెప్ట్ ఫర్, యాజ్ ఫర్ లాంటి మాటల తర్వాత మి బదులు మైసెల్ఫ్ రావచ్చని అందులో ఉంది. ‘పీపుల్ లైక్ మైసెల్ఫ్’ అని చదివి ఇంగ్లిష్ వాళ్లలో కనుబొమ్మ ఎగరేసేవాళ్లు తక్కువే.

చరిత్ర చూస్తే ఇందులో వింత లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో ‘నన్ను నేను’ అనడానికి ఉత్త ‘మి’ సరిపోయేది. ‘సెల్ఫ్’ వేరే మాట, ఒత్తి పలకడానికి పక్కన చేర్చేవారు. రెండూ అతుక్కుని ‘నన్ను నేను’ అనే బాధ్యత తలకెత్తుకోవడం తర్వాతి కథ. అంటే మైసెల్ఫ్ వంశంలో ‘నేనే’ పెద్ద కొడుకు, ‘నన్ను నేను’ చిన్న కొడుకు. పాత ఆస్తి మీద పెద్దవాడికి హక్కు ఇంకా పూర్తిగా పోలేదు.

కర్త స్థానంలో మైసెల్ఫ్ ఒంటరిగా కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ 1859లో ఉమర్ ఖయ్యాం రుబాయీలని ఇంగ్లిష్ చేసినప్పుడు ఒక పద్యాన్ని ఏకంగా మైసెల్ఫ్‌తో ఎత్తుకున్నాడు, ఐ లేకుండా. మన ఆదిభట్ల నారాయణదాసు గారు మూలం పారశీకాన్నీ ఆ ఇంగ్లిష్‌నీ పక్కపక్కన పెట్టుకుని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ దించారు, ఆ పద్యం ఆయన కంటపడే ఉంటుంది. అయితే అది కవిత్వం, అదీ పాతది. ఇవాళ ఎవరైనా మెయిల్లో ‘మైసెల్ఫ్ విల్ సెండ్ ద రిపోర్ట్’ అని రాస్తే ఇంగ్లిష్ మాతృభాషైనవాడు దాన్ని ఒప్పుకోడు. భాషాశాస్త్రజ్ఞులు ఇలాంటి వాక్యం ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతారు, ఈ భాషలో ఇలా ఉండదు అని చెప్పడానికి. అనుమానం ఉన్నవాటికి ప్రశ్నార్థకం పెడతారు. తప్పుల్లో అంతరాలుంటాయని వాళ్లకి తెలుసు, ఎర్రసిరా పట్టుకున్న మాలాంటివాళ్లకే తెలియదు.

ఆ గుర్తులతో దిద్దితే, రెండో వాక్యం ముందు నేనే గుర్తూ పెట్టను. వ్యాకరణం ఒప్పుకుంటుంది, జాగ్రత్తగా రాసే ఎడిటర్ మాత్రం మి అని దిద్దుతాడు. మొదటి వాక్యంలో మైసెల్ఫ్ కర్త స్థానంలో రవితో కలిసి ఉంది. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో మాటల్లో ఇది తరచుగా వినిపిస్తుంది, కానీ ఆఫీసు రాతలో చూస్తే చదువుకున్నవాళ్లు మొహం చిట్లిస్తారు. ఒక ప్రశ్నార్థకం పెట్టి ‘రవి అండ్ ఐ’ అని మార్చుతాను. ఆరోదానికి పక్కన తోడు కూడా లేదు, ‘కాంటాక్ట్ మైసెల్ఫ్’. రెండు ప్రశ్నార్థకాలు. ఇంగ్లండ్ ఆఫీసుల్లో కూడా కొందరు అలా రాస్తారు, వాళ్లనీ అక్కడివాళ్లు వెక్కిరిస్తూనే ఉంటారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. మైసెల్ఫ్‌కి ఉన్న ఈ వెసులుబాటు హిమ్‌సెల్ఫ్‌కి లేదు. ‘దిస్ రిపోర్ట్ వాజ్ రిటెన్ బై రవి అండ్ మైసెల్ఫ్’ అంటే నడుస్తుంది. అదే వాక్యంలో ‘రవి అండ్ హిమ్‌సెల్ఫ్’ అంటే, ఏ హిమ్ అని అడుగుతారు. జాన్ రాబర్ట్ రాస్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1970లో ఒక వ్యాసంలో సరిగ్గా ఈ తేడాని పట్టుకున్నాడు. మనం చెప్పే ప్రతి వాక్యం ముందూ ‘నేను మీకు చెబుతున్నాను’ అనే ఒక వాక్యం కనపడకుండా ఉంటుంది, మైసెల్ఫ్ ఆ దాగున్న నేనుని పట్టుకుంటుంది అన్నాడు. ఆ దాగున్న వాక్యం సిద్ధాంతాన్ని తర్వాతివాళ్లు చాలావరకు పక్కన పెట్టేశారు. కానీ ఆయన గమనించిన విషయం గమనించినట్టే ఉంది. మాట్లాడేవాడు, వినేవాడు ఎప్పుడూ హాజరే. మెయిల్‌కైతే పైన పంపినవాడి పేరుంటుంది, కింద సంతకం ఉంటుంది. మైసెల్ఫ్ ఎవరని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

సరే, మి అనే రెండక్షరాలు ఉండగా ఇంత పొడుగు మాట ఎందుకు రాస్తారు? నేను చూసినంతలో మూలకారణం భయం. చిన్నప్పుడు ‘మి అండ్ రవి వెంట్’ అన్నందుకు బెంచీ ఎక్కినవాడికి మి అంటేనే బెరుకు పట్టుకుంటుంది. అందరూ ఐ అందామా అంటే, ‘బిట్వీన్ రవి అండ్ ఐ’ అన్నప్పుడు మళ్లీ తిట్లు. ఐ కర్తగా ఉంటుంది, మి కర్మగా ఉంటుంది, తేడా తెలియాలి. మైసెల్ఫ్ మాత్రం కర్త చోట పెట్టినా కర్మ చోట పెట్టినా రూపం మారదు. ఎటూ తేల్చుకోలేనివాడికి అంతకన్నా మంచి చాటు ఏముంటుంది? అందుకే రవి పక్కన ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ఒక్కడే ఉన్నప్పుడు ఐ, మి తేడా చాలామందికి తెలుస్తుంది, ఇద్దరయ్యేసరికి తడబడతారు.

మన దగ్గర దీనికి ఇంకో దారి కూడా ఉంది, ‘మైసెల్ఫ్ రవి ఫ్రమ్ టెస్టింగ్ టీమ్’ అన్న మెయిళ్లు. ఇక్కడ మైసెల్ఫ్ సంగతి పక్కన పెట్టినా, క్రియే లేదు. ‘నేను టెస్టింగ్ టీమ్ రవిని’ అనడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు, ఇంగ్లిష్‌లో యామ్ లేకపోతే వాక్యం కాదు. ఐ ఎందుకు మైసెల్ఫ్ అయిందంటే నా ఊహ ఒకటి. ఒకటో తరగతిలో మనం బట్టీపట్టే మొట్టమొదటి వ్యాసం పేరే ‘మైసెల్ఫ్’. ఆ తర్వాత ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’. శీర్షికలోనూ ప్రశ్నలోనూ ఉన్న సెల్ఫ్ జవాబులోకి జారిపోయిందేమో. మందు మాత్రం తేలిక, ‘ఐ యామ్ రవి’ అంటే చాలు.

మావాడు మెయిల్ మళ్లీ రాశాడు. ‘రవి అండ్ ఐ విల్ జాయిన్ ద కాల్.’ ‘గివ్ యాక్సెస్ టు రవి అండ్ మి.’ వెండర్ ఇన్వాయిస్ ‘టు మి’ వచ్చేట్టు దిద్దాడు. ఒరిజినల్ ‘విత్ మి’ ఉంది. చివర్న ‘ప్లీజ్ కాంటాక్ట్ మి’. ‘ఐ మైసెల్ఫ్ వెరిఫైడ్ ద నంబర్స్’ మాత్రం వెనక్కి తెచ్చి పెట్టాడు, మేనేజర్ అడిగితే ‘నేనే’ అన్న ముక్క వివరిస్తానన్నాడు.

రెండు రోజులయ్యాక మళ్లీ ఫోన్. లండన్ నుంచి జవాబొచ్చిందట, చదివి వినిపించాడు. ‘మెనీ థాంక్స్ టు రవి అండ్ యువర్‌సెల్ఫ్.’

"ఇదేంటి బాబాయ్? ఆయన ఇంగ్లండ్‌లోనే పుట్టిపెరిగాడు. మీ లెక్కన యు అని కదా ఉండాలి?"

ఉండాలి. కానీ బ్రిటన్ దుకాణాల్లో, కాల్ సెంటర్లలో యు అంటే మొహం మీదే వేలెత్తి చూపినట్టుంటుందని కొందరు యువర్‌సెల్ఫ్ అంటారు, అదొక మర్యాద. ఆ మర్యాద మనకి కొత్తేమీ కాదు. మన ‘తాను’కి బహువచనం ‘తాము’, పుట్టుకతో అదీ తనని తాను సూచించే మాటే. దాన్నే ఎదుటివాడి మీదికి తిప్పి, ‘మీరు’ కూడా చాలదనిపించిన చోట ‘తమరు’ అన్నాం. హిందీవాళ్ల ‘ఆప్’ కూడా సంస్కృతం ‘ఆత్మ’ నుంచి అలా వచ్చిందే.

"ఆయన నిన్ను తమరు అన్నాడ్రా," అన్నాను.